జాకెట్ జిప్పు విడిపోతుంటే: మార్చాల్సింది రన్నర్ ఒక్కటే

జాకెట్ జిప్పు మెడ దాకా లాగుతారు. చేయి తీసిన మరుక్షణం పొట్ట దగ్గర పళ్లు వాటంతట అవే విడిపోతాయి. రన్నర్ మాత్రం పైనే ఉంటుంది, దాని కింద నోరు తెరుచుకున్నట్టు సందు. మళ్లీ కిందికి దించి, మళ్లీ లాగితే ఈసారి ఛాతీ దగ్గర విడిపోతుంది. చాలామంది ఇక్కడే "జిప్పు పోయింది" అనేసుకుంటారు. మా తమ్ముడి వాన జాకెట్ విషయంలో నేనూ మొదట అదే అనుకున్నాను. చూపిస్తే టైలర్ కూడా జిప్పు మొత్తం మార్చాలనే చెప్పాడు.

కానీ ఆ జిప్పు పళ్లలో ఒక్కటి కూడా ఊడలేదు, వంగలేదు. పోయింది పళ్లను కలిపే ఆ చిన్న లోహపు ముక్క. దాన్ని కుట్టుపని వాళ్లు రన్నర్ అంటారు, ప్యాకెట్ మీద స్లైడర్ అని ఉంటుంది. అది ఒక్కటి మార్చితే సరిపోయే చోట మొత్తం జిప్పు విప్పడం జాకెట్‌కు మంచిది కాదు. జాకెట్ జిప్పు పై బట్టకూ లోపలి లైనింగ్‌కూ మధ్య ఇరికించి కుట్టి ఉంటుంది, దాని మీద ఇంకో వరస కుట్టు ఉంటుంది. అదంతా విప్పి కొత్తది కుడితే బట్టలో కొత్త సూది రంధ్రాలు పడతాయి. వాన జాకెట్ అయితే నీళ్లు దిగేది ఆ రంధ్రాల గుండానే.

ముందుగా రన్నర్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అది తెలిస్తే మిగతా పనంతా దానంతట అదే అర్థమవుతుంది.

రన్నర్‌ను చేతిలోకి తీసుకుని పక్కనుంచి చూడండి. ఒకదాని మీద ఒకటి రెండు పలకలు ఉంటాయి. ఆ రెండింటినీ ముందు వైపు మధ్యలో ఒక చిన్న దిమ్మె కలిపి ఉంచుతుంది. దిమ్మెకు అటూ ఇటూ రెండు దారులు. అవి వెనక్కి పోయేకొద్దీ ఒకటైపోతాయి. అంటే ముందు రెండు నోళ్లు, వెనక ఒకే నోరు. పైకి లాగినప్పుడు పళ్లు ఉన్న రెండు బట్ట పట్టీలూ చెరో నోటిలోంచి లోపలికి వచ్చి, కలిసిపోయి వెనక నోటిలోంచి బయటికి వస్తాయి. కిందికి దించేటప్పుడు దిమ్మె మధ్యలో దూరి వాటిని మళ్లీ విడదీస్తుంది.

పట్టీ లోపల వంపు తిరుగుతుంది కదా, ఆ వంపు దగ్గర పళ్ల మధ్య సందులు కాస్త వెడల్పవుతాయి. ఎదుటి పట్టీ పళ్లు ఆ సందుల్లోకి దూరతాయి. పట్టీ తిన్నగా అవగానే సందులు మూసుకుపోయి పళ్లు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. గిడియన్ సుండ్‌బ్యాక్ అనే ఇంజనీరుకు అమెరికాలో 1917లో పేటెంటు వచ్చిన జిప్పు పద్ధతి కూడా ఇదే. ఇన్నేళ్లలో పళ్లు లోహం నుంచి ప్లాస్టిక్‌కూ నైలాన్‌కూ మారాయి గానీ, రన్నర్ చేసే పని మారలేదు.

ఇందులో కీలకం వెనక నోరు. పళ్లు అక్కడి నుంచి బయటికి వచ్చేలోపు పై పలక, కింది పలక, పక్క గోడలు కలిసి వాటిని చివరిదాకా లోపలికి నొక్కాలి. వెనక నోటి దగ్గర పలకల మధ్య సందు జుట్టు వెంట్రుకంత పెరిగినా ఆ నొక్కుడు చాలదు. పళ్లు సగం కలిసి బయటికి వస్తాయి. చూడటానికి మూసుకున్నట్టే ఉంటుంది, ఊపిరి పీలిస్తే చాలు విడిపోతుంది. ఆ సందు ఎందుకు పెరుగుతుందంటే, జిప్పు లాగిన ప్రతిసారీ పళ్లు పలకలను విడదీసేలా ఒత్తుతాయి. పట్టీల్లో దుమ్ము, ఇసుక ఉంటే అవి ఆకురాయిలా లోపలి గోడలను అరగదీస్తాయి. బిగుతుగా ఉన్న జాకెట్‌ను బలవంతంగా మూస్తే పక్క లాగుడు కూడా తోడవుతుంది. చాలా రన్నర్లు జింకు మిశ్రమంతో పోతపోసినవే, అంత గట్టి లోహం కాదు. అందుకే పళ్లకంటే ముందు రన్నర్ అరుగుతుంది.

తమ్ముడి జాకెట్ రన్నర్ వెనక నోటిని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే పక్క అంచుల్లో నల్ల రంగు పూర్తిగా పోయి తెల్లటి లోహం మెరుస్తోంది. ఒక అంచు రెండోదానికంటే కొంచెం ఎక్కువ తెరుచుకుని ఉంది. జేబు జిప్పు రన్నర్‌కు మాత్రం అదే చోట రంగు ఇంకా ఉంది.

అయినా రంగు పోవడం ఒక్కటే చూసి తేల్చేయకూడదు. ఖాయంగా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. జిప్పు పూర్తిగా తెరవండి. రన్నర్ వెనక చివర, అంటే ఒకే నోరు ఉన్న వైపు, ఎడమ అంచున పై పలకనూ కింది పలకనూ కలిపి పట్టకారుతో కొద్దిగా నొక్కండి. తర్వాత కుడి అంచున అంతే నొక్కండి. మధ్యలో, లాగే నాలుక ఉన్నచోట నొక్కకూడదు. ఒకసారి నొక్కి, జిప్పు వేసి చూసి, చాలకపోతే ఇంకొంచెం నొక్కాలి. ఒకేసారి గట్టిగా నొక్కితే రెండు ప్రమాదాలున్నాయి. సందు మరీ ఇరుకై రన్నర్ అసలు కదలకపోవచ్చు. లేదా పోత లోహం పగిలిపోవచ్చు, అది రేకులా వంగేది కాదు.

అలా నొక్కాక జిప్పు మళ్లీ పట్టుకుని నిలబడిందంటే తప్పు రన్నర్‌దే, పళ్లు బాగున్నాయి. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుని ఆగిపోతారు. నా అనుభవంలో ఈ నొక్కుడు కొన్ని వారాలకు మించి నిలవదు, ఎందుకంటే అరిగిపోయిన లోహం తిరిగి రాదు. పైగా మళ్లీ మళ్లీ నొక్కితే రన్నర్ ఒక వైపు వాలి, పళ్ల మీద వంకరగా నడుస్తుంది. అప్పుడు మంచి పళ్లు కూడా పాడవుతాయి. కాబట్టి ఇది పరీక్షగానో, ప్రయాణంలో ఉన్నప్పుడు ఇల్లు చేరేదాకానో పనికొస్తుంది.

నొక్కినా మారకపోతే విడిపోయే తీరు గమనించండి. ప్రతిసారీ ఒకే చోట విడిపోతుంటే అక్కడ పన్ను లేదు, లేదా వంగింది, లేదా ఇస్త్రీ పెట్టె వేడికి నైలాన్ అణిగిపోయింది. అడుగున మొదలుపెట్టగానే విడిపోతుంటే, ఒక పట్టీ అడుగున ఉన్న పిన్ను రెండో పట్టీ అడుగున ఉన్న చిన్న పెట్టెలో పూర్తిగా దిగుతోందో లేదో చూడాలి. పిన్ను పక్కన పట్టీ చిరిగి దారాలు లేచి ఉంటే అది రన్నర్‌తో తీరే సమస్య కాదు, అప్పుడు నిజంగానే జిప్పు మార్చాలి. లాగే నాలుక మాత్రమే విరిగితే రన్నర్ జోలికే వెళ్లక్కర్లేదు, అక్కడ ఒక చిన్న రింగో గట్టి తాడో కడితే చాలు.

ఇక కొత్త రన్నర్ ఎంచుకోవడం. ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే, నేనూ ఇక్కడే పడ్డాను.

పాత రన్నర్ వెనక్కి తిప్పి చూస్తే ఒక అంకె ఉంటుంది. 3, 5, 8, 10 ఎక్కువగా కనిపిస్తాయి. జాకెట్ ముందు జిప్పుకు ఎక్కువగా 5 ఉంటుంది, మందపాటి వాటికి 8 లేదా 10, జేబులకు 3. ఈ అంకె మూసిన పళ్ల వెడల్పుకు దగ్గరగా ఉంటుంది. అంకె అరిగిపోయి ఉంటే జిప్పు మూసి, పళ్ల వరస వెడల్పును స్కేలుతో కొలవండి. 5 సైజుకు సుమారు 6 మిల్లీమీటర్లు, 10 సైజుకు 10 మిల్లీమీటర్లకు దగ్గరగా వస్తుంది.

నేను అంకె చూసి 5 తెచ్చాను. అది పళ్ల మీదికి సులువుగానే ఎక్కింది, కిందిదాకా జారింది. పైకి లాగితే మాత్రం వెనక పళ్లు కలవలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి నోటిలోకి చూస్తే అప్పుడు తెలిసింది. తమ్ముడి జిప్పు నైలాన్ తీగను స్ప్రింగులా చుట్టి పట్టీకి కుట్టినది. నేను తెచ్చిన రన్నర్ విడివిడి ప్లాస్టిక్ పళ్ల జిప్పుది. అంకె ఒకటే, లోపలి ఆకారం వేరు. నైలాన్ చుట్ట పళ్లు గుండ్రంగా ఉంటాయి. ప్లాస్టిక్ పళ్లు చతురస్రంగా, లావుగా ఉంటాయి. లోహపు పళ్లు సన్నగా, పదునుగా ఉంటాయి. ఒక్కోదానికి గోడల ఎత్తు, సందు వేరుగా ఉండాలి. అందుకే అంకె తర్వాత రెండో ప్రశ్న ఎప్పుడూ పళ్లు ఏ రకం అన్నదే. కొన్ని రన్నర్ల మీద అంకె పక్కన అక్షరం కూడా ఉంటుంది. 5C అంటే నైలాన్ చుట్టది, 5V లేదా 5VS అంటే ప్లాస్టిక్ పళ్లది.

నైలాన్ జిప్పుల్లో ఇంకో మెలిక ఉంది. మామూలు దానిలో చుట్ట బయటికి కనిపిస్తుంది. వాన జాకెట్లలో చాలాసార్లు జిప్పును తిరగేసి కుడతారు, బయటికి నున్నటి పట్టీ మాత్రమే కనిపిస్తుంది, పళ్లు లోపలి వైపు ఉంటాయి. అలాంటి దానికి నాలుక అవతలి వైపు ఉన్న రన్నర్ కావాలి. మామూలు రన్నర్ వేస్తే లాగే నాలుక జాకెట్ లోపలికి వస్తుంది. తమ్ముడి జాకెట్ ముందు జిప్పు మామూలుదే, జేబులు మాత్రం తిరగేసినవి.

మూడోది తాళం. జాకెట్ ముందు భాగానికి తాళం ఉన్న రన్నర్ కావాలి. నాలుక వదిలేస్తే లోపల ఒక చిన్న ముల్లు పళ్ల మధ్యకు దిగి రన్నర్‌ను ఉన్నచోటే పట్టుకుంటుంది. నాలుక ఎత్తి లాగితే ముల్లు పైకి లేస్తుంది. ముందు నోటిలోకి చూస్తూ నాలుకను ఎత్తి దించండి, ఆ ముల్లు కదలడం కనిపిస్తుంది. సంచుల రన్నర్లకు చాలావాటికి ఈ ముల్లు ఉండదు. పాత బ్యాగ్ నుంచి తీసిన రన్నర్ జాకెట్‌కు సైజు సరిపోయినా, నడుస్తుంటే మెడ దగ్గర్నుంచి మెల్లగా కిందికి జారిపోతుంది. పారేయాల్సిన పాత జాకెట్ ఉంటే మాత్రం మొదట దాని రన్నర్ వెనక అంకె చూడండి. అంకె, పళ్ల రకం రెండూ కలిస్తే అంతకంటే మంచిది దొరకదు.

ఇప్పుడు బిగించడం. ముందు భాగం పూర్తిగా విడిపోయే జాకెట్ జిప్పులో రెండు పట్టీలూ ఒకేలా ఉండవు. ఒక పట్టీ అడుగున చిన్న పెట్టె ఉంటుంది, రెండో పట్టీ అడుగున సన్నటి పిన్ను. జిప్పు తెరిచినప్పుడు రన్నర్ ఉండిపోయేది పెట్టె ఉన్న పట్టీ మీదే. కింద పెట్టె అడ్డం, కాబట్టి అది బయటికి రావాలంటే పైనుంచే రావాలి. పైన, ఆఖరి పన్ను తర్వాత ఒక చిన్న అడ్డు ఉంటుంది. తీయాల్సింది పెట్టె వైపు పట్టీకి ఉన్న ఆ ఒక్క అడ్డే. పిన్ను వైపు అడ్డును ముట్టుకోవద్దు.

లోహపు అడ్డు అయితే అది పట్టీ అంచును పట్టుకున్న చిన్న క్లిప్పులా ఉంటుంది. సన్నటి స్క్రూడ్రైవర్ మొన వెనక నుంచి దాని కాళ్ల కింద దూర్చి మెల్లగా తెరిస్తే వచ్చేస్తుంది. జాగ్రత్తగా తీస్తే మళ్లీ అదే వాడొచ్చు. ప్లాస్టిక్ అడ్డు అయితే కటింగ్ ప్లయర్‌తో బయటి అంచు నుంచి కొంచెం కొంచెంగా చిదమాలి. పట్టీ అంచున తాడులా ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని మాత్రం కోయకూడదు, పళ్లు నిలబడి ఉండేది దాని మీదే.

చాలా జాకెట్లలో ఈ అడ్డు బయటికి కనిపించదు. పట్టీ చివరను మడిచి కాలర్ కుట్టులో దాచేస్తారు. అప్పుడు లోపలి వైపు, జిప్పు పక్కన 2 లేదా 3 సెంటీమీటర్ల కుట్టు మాత్రం విప్పి పట్టీ చివరను బయటికి లాగి తిన్నగా చేయాలి. తమ్ముడి జాకెట్‌కు ఇలాగే చేశాను. మొత్తం పనిలో ఎక్కువ సమయం పట్టింది ఈ కుట్టు విప్పడానికే, ఎందుకంటే లైనింగ్‌తో పాటు పట్టీ కూడా తెగుతుందేమోనని టెన్షన్. బ్లేడు బదులు కుట్లు విప్పే కొంకీ వాడి, ఒక్కో కుట్టు కింద దూర్చి తెంపితే ఆ భయం ఉండదు.

అడ్డు పోయాక పాత రన్నర్‌ను పైకి లాగి తీసేయండి. తీసేముందు అది ఎలా ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కొత్తది తలకిందులుగా ఎక్కించడం ఈ పనిలో అందరూ చేసే తప్పు. బిగించి ఉన్నప్పుడు రెండు నోళ్లు పైకి, ఒక్క నోరు కిందికి ఉండాలి, నాలుక బయటి వైపు ఉండాలి. మనం పైనుంచి కిందికి తోస్తున్నాం కాబట్టి పట్టీ కొన ముందుగా దూరేది వెనక నోటిలోకి. అక్కడ దూరి, పైనున్న రెండు నోళ్లలో తన వైపు నోటిలోంచి బయటికి వస్తుంది. పెట్టె మీకు ఎదురుగా చూస్తే కుడి వైపు ఉందంటే కుడి నోరు, ఎడమ వైపు ఉందంటే ఎడమ నోరు. పళ్లు లోపల దారిలో ఉండాలి, పట్టీ బట్ట పక్క సందులోంచి బయటికి రావాలి. బట్ట లోపల ముడత పడితే రన్నర్ అక్కడే బిగుసుకుంటుంది. అప్పుడు తోయకుండా వెనక్కి తీసి మళ్లీ ఎక్కించాలి.

పట్టీ కొన దారాలు లేచి ఉంటే నోటిలోకి దూరదు. చెప్పుల లేసు కొనలా సన్నటి సెల్లోటేపు ఒక చుట్టు చుట్టి ఏటవాలుగా కత్తిరిస్తే సూటిగా వెళ్తుంది. మొదటి నాలుగైదు పళ్లు దాటడమే కష్టం, తర్వాత అదే జారుతుంది.

రన్నర్‌ను పెట్టెకు తగిలేదాకా దించండి. ఇప్పుడు పిన్నును రన్నర్ గుండా పెట్టె అడుగు తాకేదాకా దించి, పైకి లాగి చూడండి. అడ్డు ఇంకా పెట్టొద్దు. ముందే అడ్డు పెట్టేసి, తర్వాత రన్నర్ సైజు తప్పని తెలిస్తే మళ్లీ మొదటికొస్తుంది. పదిసార్లయినా తెరిచి మూయండి. మూసి, మధ్యలో రెండు వైపులా పట్టుకుని అడ్డంగా లాగండి. వేసుకుని కూర్చుని ముందుకు వంగండి, ఎందుకంటే పొట్ట దగ్గర మడత పడినప్పుడే బలహీనమైన రన్నర్ బయటపడుతుంది. తమ్ముడి జాకెట్‌కు రెండోసారి తెచ్చిన నైలాన్ రకం 5 సైజు రన్నర్ వంగినప్పుడు కూడా పట్టు విడవలేదు. అయితే పాతదానికంటే కొంచెం గట్టిగా నడిచింది. ఒకే అంకె ఉన్నా తయారు చేసినవాళ్లను బట్టి కొద్ది తేడా ఉంటుంది. మూసిన పళ్ల మీద కొవ్వొత్తి ముక్క రెండుసార్లు రుద్ది పైకీ కిందికీ నడిపితే దారికొచ్చింది. మీ దానికి అలా కూడా కదలకపోతే అది సరైన రన్నర్ కాదు, బలవంతంగా లాగితే పళ్లు ఊడతాయి.

కాలర్ కుట్టు విప్పడం ఇష్టం లేనివాళ్లకు స్క్రూతో తెరుచుకునే రన్నర్లు కూడా ఉన్నాయి. రెండు పలకలు విడిపోతాయి కాబట్టి జిప్పు మధ్యలోనే పెట్టి బిగించొచ్చు, అడ్డు తీసే పని ఉండదు. అవి పని చేస్తాయి, కానీ లావుగా ఉంటాయి, చాలావాటికి తాళం ముల్లు ఉండదు. బిగింపు మనమే సరిచూసుకోవాలి, స్క్రూ అప్పుడప్పుడూ వదులవుతుంది. గుడారానికో సంచికో సరే గానీ, రోజూ వేసుకునే జాకెట్‌కు మామూలు రన్నరే నాకు నచ్చుతుంది.

పైనుంచీ కిందినుంచీ కూడా తెరుచుకునే జాకెట్లయితే రెండు రన్నర్లుంటాయి. అవి ఒకదానికొకటి ఎదురు తిరిగి ఉంటాయి, కింది రన్నరే పెట్టె పని కూడా చేస్తుంది. పైది అరిగితే ఇదే పద్ధతిలో మార్చొచ్చు. కిందిది మార్చాలంటే పైదాన్ని కూడా తీసి, రెండూ వరసగా ఎక్కించాలి. కొనేటప్పుడు ఆ రకం జిప్పుకు చేసినవే అడగాలి.

పరీక్ష అయ్యాక అడ్డు. పాత లోహపు క్లిప్పు బాగుంటే ఆఖరి పన్నుకు ఆనించి పెట్టి పట్టకారుతో నొక్కితే చాలు. ప్లాస్టిక్‌ది చిదిమేశాం కాబట్టి, దాని చోట దారంతో కుట్టొచ్చు. గట్టి పాలిస్టర్ దారం రెండు పేటలుగా తీసుకుని, ఆఖరి పన్నుకు సరిగ్గా పైన, పట్టీ అంచు చుట్టూ ఒకే చోట ఆరేడు చుట్లు బిగించి కుట్టాలి. అవి ఒకదాని మీద ఒకటి పేరుకుని చిన్న ఉండలా అవుతాయి, రన్నర్ నోరు దాన్ని దాటలేదు. కుట్టాక రన్నర్‌ను ఆ ఉండకు తగిలేలా నాలుగైదుసార్లు గట్టిగా లాగి చూడండి. అది దాటితే ఇంకో రెండు చుట్లు వేయాలి. ఆ తర్వాతే పట్టీ కొనను మళ్లీ మడిచి కాలర్‌లోకి దూర్చి, విప్పిన ఆ కుట్టును పాత రంధ్రాల్లోంచే చేత్తో వెనక్కి కుట్టుకుంటూ రావాలి.